కండరం నొచ్చితే రక్తం చెబుతుంది: వ్యాయామం, సీపీకే, క్రియాటిన్

2010 ఆగస్టులో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, మెక్‌మిన్‌విల్ అనే చిన్న ఊరి హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టు సీజన్ ముందు శిక్షణ శిబిరం పెట్టుకుంది. నలభైమందికి పైగా కుర్రాళ్లు వచ్చారు. మొదటి రోజే దండచెయ్యి వెనక ఉండే ట్రైసెప్స్ కండరానికి పనిపెట్టే వ్యాయామాన్ని వాళ్లు విరామం లేకుండా, మళ్లీమళ్లీ చేశారు. ఒకటి రెండు రోజులు గడిచేసరికి చేతులు వాచిపోయాయి, మోచెయ్యి వంచడమే కష్టమైంది. రక్తం పరీక్ష చేస్తే దాదాపు సగంమందిలో క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ విపరీతంగా పెరిగి ఉంది. డజనుమందిని ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. ముగ్గురికి కండరంలో ఒత్తిడి తగ్గించడానికి ఆపరేషన్ చేశారు.

ఊళ్లో మొదట పుట్టిన అనుమానం క్రియాటిన్ పొడి మీద. కుర్రాళ్లు ఏదో సప్లిమెంట్ వాడి ఉంటారనుకున్నారు. ఎంజైమ్ పేరులోనే క్రియాటిన్ ఉంది కదా, ఆ అనుమానం అంత సులువుగా పుట్టడంలో వింతేమీ లేదు. కానీ రాష్ట్ర ఆరోగ్య శాఖ వాళ్లు ఒక్కొక్కరినీ విచారించి తేల్చింది వేరు. జబ్బుపడినవాళ్లందరినీ కలిపే అంశం మొదటి రోజు చేసిన ఆ ట్రైసెప్స్ వ్యాయామమే. దాన్ని మించిన కారణం ఏదీ కనబడలేదు.

ఆ అనుమానం మాత్రం ఇప్పటికీ పోలేదు. హైదరాబాద్, విజయవాడల్లో జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకుంటే రిపోర్టులో సీపీకే అనే వరుస ఎర్రగా కనబడుతుంది. పక్కన 200 లోపు ఉండాలనో, 300 లోపు ఉండాలనో రాసి ఉంటుంది. వీళ్లకి నాలుగు వేలు, ఆరు వేలు వస్తుంది. ఇంట్లో వాళ్ల మొదటి మాట "ఆ పొడి మానెయ్యరా" అనే. ఈ సీపీకే, క్రియాటిన్ కైనేజ్, సీకే అన్నీ ఒకే ఎంజైమ్ పేర్లు. మన ల్యాబుల్లో సీపీకే అనే పేరే ఎక్కువ వాడుకలో ఉంది కాబట్టి నేనూ అదే వాడతాను.

ముందు ఈ ఎంజైమ్ కండరంలో ఏం చేస్తుందో చూద్దాం. కండరం పనిచేయడానికి ఏటీపీ అనే ఇంధనం కావాలి. కణంలో నిలవ ఉండే ఏటీపీ ఒక బరువు గట్టిగా ఎత్తితే రెండు మూడు సెకన్లలో ఖర్చైపోతుంది. అప్పుడు ఆదుకునేది క్రియాటిన్ ఫాస్ఫేట్. దాని దగ్గరున్న ఫాస్ఫేట్‌ను తీసి, ఖర్చైపోయిన ఇంధనానికి తగిలించి మళ్లీ ఏటీపీగా మార్చేదే సీపీకే. మరో పది సెకన్లు అదే జోరుతో బరువు ఎత్తగలుగుతున్నామంటే దీని చలవే. అందుకే కండర కణాల్లో సీపీకే దండిగా ఉంటుంది. గుండె కండరంలోనూ, మెదడులోనూ దీని వేరే రకాలు ఉంటాయి. కానీ రక్తంలో మామూలుగా కనబడేది దాదాపు అంతా ఒంటి కండరాలదే.

సీపీకేకి రక్తంలో పనేమీ లేదు. కాబట్టి రక్తంలో అది ఎక్కువగా కనబడిందంటే అర్థం ఒకటే: కండర కణాల పొర ఎక్కడో దెబ్బతిని, లోపలి సరుకు బయటికి కారుతోంది.

పొర ఎందుకు దెబ్బతింటుందన్నదే ఇందులో ఆసక్తికరమైన సంగతి. కష్టపడ్డామన్నంత మాత్రాన కండరం దెబ్బతినదు, ఏ రకంగా కష్టపడ్డామన్నది ముఖ్యం. అలిపిరి నుంచి తిరుమలకు మెట్లెక్కి, మళ్లీ నడిచే దిగినవాళ్లకు ఇది అనుభవమే. ఎక్కేటప్పుడు ఆయాసం, చెమట. దిగేటప్పుడు హాయిగా ఉన్నట్టే ఉంటుంది, కానీ రెండో రోజు కుర్చీలోంచి లేవలేనంతగా తొడలు పట్టేసేది మాత్రం ఆ దిగడం వల్లే. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువును ఆపుకుంటూ, సాగుతూ పనిచేస్తుంది. బిగుసుకుని ఉండగానే సాగదీయబడటం కండరానికి చాలా కఠినమైన పని. బస్కీలు తీసేటప్పుడు కిందికి కూర్చోవడం, దండీలు తీసేటప్పుడు ఛాతీని నేలకు దించడం, డంబెల్‌ని మెల్లగా దింపడం, ఇవన్నీ అలాంటివే.

అలా సాగినప్పుడు కండర పోగుల్లో బలహీనంగా ఉన్న చోట్లు మితిమీరి సాగి చెదురుతాయి. పొరకు చిల్లులు పడతాయి. బయట ఉండాల్సిన కాల్షియం లోపలికి చొరబడి, ప్రొటీన్లను కోసే ఎంజైములను నిద్రలేపుతుంది. తర్వాత తెల్లకణాలు వచ్చి పాడైన భాగాన్ని శుభ్రం చేయడం మొదలుపెడతాయి. అంటే అసలు దెబ్బ వ్యాయామం చేసిన అరగంటలో తగిలినా, పొర కారడం రోజుల తరబడి సాగుతుంది. నొప్పి కూడా అందుకే అప్పటికప్పుడు కాకుండా మర్నాడో మూడో రోజో వస్తుంది.

సీపీకే పెద్ద అణువు. కండరంలోంచి సన్నని రక్తనాళాల్లోకి నేరుగా దూరలేదు. ముందు శోషరసంలో కలిసి, ఆ నాళాల వెంట చుట్టూ తిరిగి రక్తంలో పడుతుంది. ఈ ఆలస్యం వల్ల ఒక ముఖ్యమైన చిక్కు ఉంది. మారథాన్ లాంటి పరుగు తర్వాత సీపీకే ఒక రోజులో శిఖరానికి చేరి దిగడం మొదలవుతుంది. అలవాటు లేని బరువుల వ్యాయామం చేస్తే మొదటి రెండు రోజులు ఓ మోస్తరుగా ఉండి, నాలుగో రోజో ఐదో రోజో శిఖరానికి చేరుతుంది. ఆదివారం జిమ్‌లో కాళ్ల వ్యాయామం చేసినవాడికి సోమవారం 700 ఉండి, గురువారం 7,000 ఉండొచ్చు. మధ్యలో అతను ఏమీ చేయకపోయినా సరే.

రక్తంలో కనబడే అంకెను నీళ్ల ట్యాంకులో మట్టం అనుకోండి. ఒక గొట్టం నుంచి కండరాల సీపీకే వచ్చి పడుతోంది, ఇంకో గొట్టం నుంచి శరీరం దాన్ని తీసేస్తోంది. వచ్చేది ఆగిపోతే మట్టం సుమారు ఒకటిన్నర రోజుకోసారి సగమవుతుంది. శిఖరం 8,000 అనుకుంటే ఒకటిన్నర రోజుకు 4,000, మూడు రోజులకు 2,000, నాలుగున్నర రోజులకు 1,000, వారానికి 300 దరిదాపుల్లోకి రావాలి. కండరం ఒక్కసారిగా కారడం ఆపదు కాబట్టి నిజంలో ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ పట్టొచ్చు. విశ్రాంతిగా ఉన్నా అంకె పడిపోకుండా అలాగే నిలిచిపోతే మాత్రం వ్యాయామం కాకుండా వేరే కారణం వెతకాలి. డాక్టర్లకు ఒక్క అంకె కంటే అది దిగే తీరే ఎక్కువ చెబుతుంది.

మనిషికీ మనిషికీ తేడా ఎంత ఉంటుందో అమెరికా శాస్త్రవేత్త ప్రిసిల్లా క్లార్క్‌సన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. 203 మంది వలంటీర్ల చేత ముంజేతిని వంచే కండరానికి, సాగుతూ పనిచేసే పద్ధతిలో, పూర్తి బలంతో 50 సార్లు వ్యాయామం చేయించారు. అందరికీ అదే పని, అదే లెక్క. నాలుగో రోజుకి 111 మందికి సీపీకే 2,000 దాటింది. వాళ్లలో 51 మందికి 10,000 కూడా దాటింది. మిగతావాళ్లకు అంత పెరగలేదు. అందరూ ఆరోగ్యవంతులే. మరీ ముఖ్యంగా, ఇంత పెరిగినా ఎవరికీ కిడ్నీలు దెబ్బతినలేదు. 10,000 అన్న అంకె చూసి గుండె జారిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దీన్ని పట్టుకుని ధీమాగా ఉండిపోకూడదు కూడా. ఎందుకో ముందు చెబుతాను.

అదే వ్యాయామాన్ని రెండు వారాల తర్వాత మళ్లీ చేయిస్తే సీపీకే పెరుగుదల చాలా తక్కువగా ఉంటుంది, నొప్పీ తక్కువే. కండరం ఒక్క దెబ్బతోనే నేర్చుకుంటుంది. ఏళ్ల తరబడి జిమ్‌కి వెళ్తున్నవాడు బస్కీలు తీస్తే 600 దగ్గర ఆగిపోయేది, నాలుగు నెలలు మానేసి వచ్చినవాడు అదే బరువుతో చేస్తే పది రెట్లు పెరగడం అందుకే. క్రమం తప్పకుండా శిక్షణ చేసేవాళ్లకు మాత్రం సీపీకే పూర్తిగా కిందికి దిగదు. గ్రీస్‌లో అథ్లెట్ల రక్తం తీసి లెక్కగడితే ఆరోగ్యంగా ఉన్న మగ క్రీడాకారుల్లో పై హద్దు 1,083 అని, ఆడవాళ్లలో 513 అని తేలింది. మన ల్యాబ్ రిపోర్టు మీద ఉండే 200, 300 హద్దులు పెద్దగా వ్యాయామం చేయనివాళ్లను చూసి పెట్టినవి. రోజూ వ్యాయామం చేసే ఆరోగ్యవంతుడి రిపోర్టు ఎర్రగా వచ్చిందంటే, చాలాసార్లు తప్పు ఒంట్లో లేదు, ఆ హద్దు అతని కోసం పెట్టింది కాదు, అంతే.

సీపీకేతో పాటు ఇంకో రెండు వరుసలు ఇళ్లలో గొడవ తెస్తాయి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ. ఇవి లివర్ పరీక్షలని అందరికీ తెలుసు, కానీ కండరాల్లోనూ ఇవి ఉంటాయని చాలామందికి తెలియదు. స్వీడన్‌లో 15 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లతో, బరువులు ఎత్తే అలవాటు లేనివాళ్లతో, గంటసేపు వెయిట్ ట్రైనింగ్ చేయించి చూశారు. సీపీకేతో పాటు ఈ రెండూ పెరిగి కనీసం వారం రోజులు అలాగే ఉన్నాయి. కండరం వల్ల పెరిగినప్పుడు మొదట్లో ఎస్‌జీఓటీ ముందుంటుంది. అది త్వరగా దిగిపోయి ఎస్‌జీపీటీ ఇంకొన్నాళ్లు మిగులుతుంది. జీజీటీ, బిలిరుబిన్ మాత్రం కదలవు. ఈ తేడా చూడకపోతే, జిమ్‌కి వెళ్లొచ్చిన కుర్రాడిని మందు తాగుతున్నావా అని నిలదీయడం, అనవసరంగా లివర్ స్కాన్ చేయించడం జరుగుతాయి.

ఇక క్రియాటిన్ విషయం. అది సీపీకే పరీక్షను మారుస్తుందా అన్న ప్రశ్నలో నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. పరీక్ష గొట్టంలో లెక్కను తప్పిస్తుందా? విశ్రాంతిగా ఉన్నా కండరాన్ని కార్పిస్తుందా? వ్యాయామం తర్వాత కారడాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా?

మొదటిదానికి జవాబు ల్యాబ్ యంత్రంలో ఉంది. రక్తంలో క్రియాటిన్ ఎంతుందో సీపీకే పరీక్ష కొలవదు. ఎంజైమ్ ఎంత వేగంగా పనిచేస్తోందో కొలుస్తుంది. రక్తరసాన్ని కొద్దిగా తీసుకుని, అందులో క్రియాటిన్ ఫాస్ఫేట్, ఖర్చైన ఇంధనం పుష్కలంగా కలుపుతారు. సీపీకే ఉంటే అది రెండింటినీ కలిపి ఏటీపీ తయారుచేస్తుంది. ఆ ఏటీపీ గ్లూకోజ్‌తో ఇంకో రెండు మెట్ల రసాయన చర్య నడిపి, చివర్లో అతినీలలోహిత కాంతిని పీల్చే ఒక పదార్థాన్ని పుట్టిస్తుంది. కాంతి ఎంత వేగంగా తగ్గుతోందో యంత్రం నిమిషం నిమిషానికీ చూసి, దాన్ని లీటరుకి ఇన్ని యూనిట్లు అని రాస్తుంది. ఈ చర్యలో క్రియాటిన్ వచ్చేది చివర, వాడిపడేసిన సరుకుగా. ఒకేసారి 5 గ్రాముల పొడి తాగిన గంట తర్వాత కూడా రక్తంలో క్రియాటిన్ లీటరుకు ఒక మిల్లీమోల్ లోపే ఉంటుంది. గొట్టంలోకి వెళ్లాక అది ఇంకెన్నో రెట్లు పల్చబడుతుంది. ల్యాబ్ కలిపే క్రియాటిన్ ఫాస్ఫేట్ మోతాదు 30 మిల్లీమోల్స్. కాబట్టి ఆ పొడి వల్ల సీపీకే అంకె తారుమారు అయ్యే అవకాశం లేదు. పొద్దున పొడి తాగి రక్తం ఇచ్చినా ఆ అంకె నమ్మదగిందే. సూది గుచ్చేటప్పుడు ఎర్ర కణాలు పగిలిపోతే కొంత తేడా రావచ్చు, కానీ దానికీ క్రియాటిన్‌కీ సంబంధం లేదు.

రెండో ప్రశ్నకూ జవాబు స్పష్టమే. రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్ తీసుకుంటూ, వ్యాయామం చేయకుండా కూర్చున్న ఆరోగ్యవంతుడిలో సీపీకే పెరగడం అధ్యయనాల్లో కనబడలేదు. కండరంలో క్రియాటిన్ నిలవ పెరిగితే పొరకు చిల్లులు పడవు.

మూడో ప్రశ్న దగ్గర మాత్రం ఫలితాలు ఒకే దారిలో లేవు, ఉన్నాయని చెప్పడం తప్పు. 2001లో క్లార్క్‌సన్ బృందంలోని వాళ్లే 23 మంది మగవాళ్ల మీద, ఐదు రోజులు రోజుకు 20 గ్రాముల క్రియాటిన్ ఇచ్చి, ముంజేతి వ్యాయామం చేయించారు. సీపీకేలో గానీ, నొప్పిలో గానీ, బలం తిరిగి రావడంలో గానీ క్రియాటిన్ వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ తేడా కనబడలేదు. 2004లో బ్రెజిల్‌లో 30 కిలోమీటర్ల పరుగు తీసే వాళ్లకు అదే మోతాదు ఇచ్చి చూస్తే పరుగు తర్వాత సీపీకే పెరుగుదల కొంత తగ్గింది. 2009లో ఆస్ట్రేలియాలో అలవాటు లేని 14 మంది మీద చేసిన ప్రయోగంలో బాగా తగ్గింది. ఈ మధ్య ఇలాంటి అధ్యయనాలన్నీ కూర్చి చూసినవాళ్లు, ఒక్కసారి వ్యాయామం తర్వాత క్రియాటిన్ కొంత మేలు చేసినట్టుంది గానీ, వారాల తరబడి శిక్షణతో పాటు వాడినప్పుడు వ్యతిరేకంగా కనబడిందని అన్నారు. దీనికి ఒక సూటి వివరణ ఉంది. క్రియాటిన్ వాడేవాడు ఎక్కువ బరువు ఎత్తగలడు, మరో రెండు సార్లు ఎక్కువ చేయగలడు. పని పెరిగితే కండరం మీద దెబ్బా పెరుగుతుంది. అప్పుడు సీపీకే పెరిగినా అది పొడి నేరుగా చేసింది కాదు, పొడి వల్ల ఎక్కువగా చేసిన పని చేసింది. ఇవన్నీ చిన్న ప్రయోగాలు, కొద్దిమంది మనుషులు. మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉందో 203 మంది మీద చూశాం కదా. అంత తేడా ఉన్నచోట డజను, రెండు డజన్ల మందితో వచ్చిన ఫలితాన్ని గట్టిగా పట్టుకోలేం. నా లెక్కలో క్రియాటిన్ సీపీకేని కాపాడే మందూ కాదు, పెంచే విషమూ కాదు.

క్రియాటిన్ నిజంగా కదిపే పరీక్ష వేరే ఉంది. అది క్రియాటినిన్, కిడ్నీ పరీక్ష. రెండు పేర్లూ దగ్గరగా ఉండటంతో ఇళ్లలోనే కాదు, మెడికల్ షాపుల్లో కూడా వీటిని కలిపేస్తుంటారు. ఒంట్లో ఉన్న క్రియాటిన్‌లో రోజుకు రెండు శాతం కంటే కొద్దిగా తక్కువ భాగం దానంతట అదే క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. కండరంలో క్రియాటిన్ నిలవ పెరిగితే క్రియాటినిన్ కూడా కాస్త పెరుగుతుంది. కండలు పెరిగినా పెరుగుతుంది. రిపోర్టులో ఈ క్రియాటినిన్‌ను బట్టి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ తగ్గి కనబడుతుంది. కిడ్నీలు మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తూ ఉండొచ్చు. దీన్ని తేల్చడానికి సిస్టాటిన్ సీ అనే పరీక్ష ఉంది. అది కండరాలకూ క్రియాటిన్‌కూ అంతగా లొంగదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని లెక్క చేద్దాం. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే 27 ఏళ్ల యువకుడు అనుకోండి. నాలుగు నెలలు జిమ్ మానేసి, ఆదివారం సాయంత్రం పాత బరువులతోనే కాళ్ల వ్యాయామం చేశాడు. రోజుకు 5 గ్రాముల క్రియాటిన్ వాడుతున్నాడు. బుధవారం ఆఫీస్ హెల్త్ చెకప్. సీపీకే 6,400, ఎస్‌జీఓటీ 168, ఎస్‌జీపీటీ 74, క్రియాటినిన్ 1.35, ఈజీఎఫ్ఆర్ 74. వాళ్లమ్మకు రిపోర్టు పంపాడు. కండరం, లివర్, కిడ్నీ, మూడూ పోయాయన్నట్టు ఉంది.

అనుభవమున్న డాక్టర్ ముందు అడిగేది వ్యాయామం ఎప్పుడు, ఏది, ఎన్నాళ్ల తర్వాత అని. రక్తం తీసింది మూడో రోజు. అంటే సీపీకే ఇంకా ఎక్కుతూ ఉండొచ్చు, రేపు 8,000 అయినా ఆశ్చర్యం లేదు. ఎస్‌జీఓటీ ముందుంది, జీజీటీ, బిలిరుబిన్ మామూలుగా ఉన్నాయి, కాబట్టి అవి కండరం నుంచి వచ్చినవే. తర్వాత మూత్రం. రంగు మామూలుగానే ఉందా? స్ట్రిప్ పరీక్షలో రక్తం లేదని వచ్చింది. తొడల్లో నొప్పి ఉంది గానీ వాపు, తిమ్మిరి లేవు. మంచినీళ్లు బాగా తాగుతున్నాడు, మూత్రం సరిగా పోస్తున్నాడు. పొటాషియం మామూలుగా ఉంది. క్రియాటినిన్ సంగతి తేల్చడానికి సిస్టాటిన్ సీ చేయిస్తే అదీ మామూలుగానే వచ్చింది. ఇక చేయాల్సింది వ్యాయామం ఆపి, రెండు మూడు రోజులకోసారి క్రియాటినిన్ చూసుకుంటూ, పది రోజుల తర్వాత సీపీకే మళ్లీ చేయించడమే. అప్పటికి అది కొన్ని వందలకు దిగితే సమస్య ముగిసినట్టే.

ఇదే రిపోర్టుతో ఒక్క వివరం మారితే మొత్తం మారిపోతుంది. మూత్రం డికాక్షన్ రంగులోనో, కోలా రంగులోనో వచ్చిందనుకోండి. స్ట్రిప్‌లో రక్తం ఉన్నట్టు చూపి, మైక్రోస్కోప్ కింద మాత్రం ఎర్ర కణాలు కనబడకపోతే అది మయోగ్లోబిన్. కండరాల్లో ఆక్సిజన్ దాచే ప్రొటీన్ అది, సీపీకేతో పాటు కారి మూత్రంలోకి దిగుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఉన్నప్పుడు ఇది కిడ్నీ గొట్టాల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. దీన్నే రాబ్డోమయోలిసిస్ అంటారు. సీపీకే మామూలు హద్దుకి ఐదు రెట్లు, అంటే సుమారు 1,000 దాటితేనే ఆ పేరు పెట్టే వాడుక ఉంది. నిజంగా కిడ్నీలకు ముప్పు మాత్రం సాధారణంగా 5,000 దాటాక, అదీ వేడి, నీళ్ల లోటు లాంటివి తోడైనప్పుడు. ల్యాబ్ ప్రయోగశాలలో 10,000 దాటినా ఏమీ కానివాళ్లు చల్లని గదిలో, ఒకే ఒక చిన్న కండరంతో, నీళ్లు తాగుతూ చేశారు. మే నెల మధ్యాహ్నం మైదానంలో పరుగెత్తేవాడి సంగతి అది కాదు.

పోలీస్ ఉద్యోగాలకు సిద్ధమయ్యే మన కుర్రాళ్లు నెలల తరబడి రాతపరీక్షకు కూర్చుని చదివి, ఈవెంట్స్ దగ్గరపడగానే 1,600 మీటర్ల పరుగు, బస్కీలు ఒక్కసారిగా మొదలుపెడతారు. ముప్పు ఉన్నది వాళ్లకే. ఎండ, నీళ్లు తాగకపోవడం, జ్వరంతో పరుగెత్తడం, మందు తాగిన మర్నాడు బరువులెత్తడం, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు, ఇవన్నీ ముప్పు పెంచుతాయి. సికిల్ సెల్ లక్షణం ఉన్నవాళ్లకు మరీ జాగ్రత్త అవసరం. ఆదిలాబాద్, అరకు, పాడేరు వైపు గిరిజన కుటుంబాల్లో ఇది ఎక్కువ, చాలామందికి తమకు ఉందన్న సంగతే తెలియదు. కష్టమైన శిక్షణ మొదలుపెట్టేముందు ఆ ఒక్క రక్త పరీక్ష చేయించుకోవడం వాళ్ల ప్రాణానికి మంచిది.

నొప్పి మాత్రల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఒళ్లు పట్టేసిందని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేసుకోవడం మన దగ్గర మామూలే. కండరం కారుతున్న వేళ ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. అప్పటికే బరువు మోస్తున్న కిడ్నీ మీద ఇంకో బరువు పెట్టడమే అది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర పిర్రకు పొడిపించుకునే నొప్పి ఇంజెక్షన్ కూడా కండరంలోకే వెళ్తుంది, అదే సీపీకేని పెంచుతుంది. పరీక్షకు ముందు ఇంజెక్షన్ వేయించుకున్న సంగతి డాక్టర్‌కి చెప్పకపోతే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది.

ఛాతీనొప్పి ఉంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ గుండె సంగతి తేల్చేది ట్రోపోనిన్, ఈసీజీలే. గుండెకు సంబంధించినదిగా పేరున్న సీపీకే-ఎంబీ కూడా దూరపు పరుగుల తర్వాత కండరాల నుంచి పెరుగుతుంది కాబట్టి ఒక్క దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

సీపీకే పరీక్షకు వెళ్లేవాళ్లు క్రియాటిన్ మానాల్సిన పనిలేదు. మానాల్సింది అలవాటు లేని వ్యాయామం, అదీ పరీక్షకు కనీసం వారం ముందు నుంచి. రక్తం ఇచ్చేటప్పుడు చివరిసారి కష్టమైన వ్యాయామం ఏ రోజు చేశారో, ఏ కండరానికో, ఏ మాత్రలూ ఇంజెక్షన్లూ వాడారో, క్రియాటిన్ రోజుకు ఎన్ని గ్రాములో ఒక కాగితం మీద రాసి రిపోర్టుతో పాటు డాక్టర్ ముందు పెట్టండి. మూత్రం రంగు మారితే, చెయ్యి గానీ కాలు గానీ గట్టిగా వాచి తిమ్మిరెక్కితే, రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.